చూడి ఆవుకు పాలు ఎండగట్టే విధానం: పన్నెండు రోజుల లెక్క, ఆ తరువాత పొదుగు కాపలా

బెంగళూరుకు తూర్పున హోసకోట చుట్టుపక్కల పల్లెల్లో ఆవులను సాకే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మాది అందులో ఒకటి. మా కొట్టంలో నల్లమచ్చల హెచ్.ఎఫ్. సంకర ఆవు ఒకటి మూడో ఈతలో ఉంది. 2024లో దానికి పాలు ఎండగట్టిన తీరును తేదీలతో సహా ఇక్కడ రాస్తున్నాను. రోజుకు పన్నెండు, పదిహేను లీటర్లు ఇస్తూ ఉండగానే ఈనే తేదీ దగ్గరపడే ఆవులే మనకు అసలైన చిక్కు తెచ్చిపెడతాయి. నాలుగైదు లీటర్లకు దిగిపోయిన నాటు ఆవుకైతే ఒక పూట పిండడం మానేసి ఊరుకున్నా సరిపోతుంది, దానికి ఇంత లెక్క అవసరం లేదు.

ముందు తేదీ తేల్చుకోవాలి

ఆవు చూలు సుమారు 280 రోజులు. సూది వేయించిన తేదీకి 280 రోజులు కలిపి ఈనే తేదీని, దానిలోనుంచి 60 రోజులు తీసివేసి పాలు ఆపవలసిన తేదీని తెలుసుకోవాలి. మా ఆవుకు 2024 జనవరి 10న సూది వేయించాము, ఆ తరువాత అది ఎదకు రాలేదు, మూడో నెలలో పశువైద్యుడు చేతితో పరీక్షించి చూలును ఖాయం చేశారు. లెక్క ప్రకారం ఈనే తేదీ అక్టోబర్ 16, పాలు ఆపవలసిన తేదీ ఆగస్టు 17. రెండు మూడు సార్లు సూది వేయించిన ఆవు విషయంలో చివరి సూది తేదీని గుడ్డిగా పట్టుకోకూడదు, మొదటి సూదికే చూలు నిలిచి ఉండవచ్చు. చూలు వయసు ఎంతో వైద్యుడి చేత మరోసారి చూపించుకుంటే ఆ అనుమానం తీరుతుంది.

అరవై రోజులు ఎందుకంటే, పాలు తయారుచేసే పొదుగు కణజాలానికి ఆ విరామం కావాలి. పిండడం ఆగిన మొదటి మూడు నాలుగు వారాల్లో పాత కణాలు తొలగిపోతూ ఉంటాయి. ఈనడానికి ముందరి రెండు మూడు వారాల్లో కొత్త కణాలు పెరిగి ముర్రుపాలు తయారవుతాయి. విరామం నలభై రోజుల కంటే తగ్గిపోతే ఈ పని సగంలో ఆగి, వచ్చే ఈతలో పాలు స్పష్టంగా పడిపోతాయి. తొంభై రోజులు దాటితే ఆవుకు కొవ్వు పట్టి, ఈనిన తరువాత మేత సరిగా తినక జబ్బు పడుతుంది. తొలిసారి ఈని, ఇంకా ఒళ్లు పెరుగుతున్న ఆవుకు అరవై రోజులను తగ్గించకపోవడమే మంచిది.

ఆ ఏడాది ఆగస్టు 16 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ వారమంతా మేము పాలు పోసే ఇళ్లలో గిరాకీ ఎక్కువగా ఉండింది, ఇంకో పదిహేను రోజులు పిండుకుంటే ఏమవుతుందని ఇంట్లో మాట వచ్చింది. ఆ పదిహేను రోజుల పాల డబ్బును, వచ్చే ఈతలో మూడు వందల రోజులూ రోజుకు ఒకటి రెండు లీటర్లు తగ్గితే కలిగే నష్టాన్ని పక్కపక్కన రాసి చూపిన తరువాత ఆ మాట ఆగింది. ఇలాంటి ఒత్తిడి పండుగల కాలంలో ప్రతి ఇంట్లోనూ వస్తుంది కాబట్టి తేదీని ముందే గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవాలి.

పాలు తగ్గించే ముందు పొదుగు పరీక్ష

ఆగస్టు 5న, అంటే పన్నెండు రోజుల ముందు, నాలుగు చన్నుల పాలనూ విడివిడిగా పరీక్షించాము. పైకి ఏ వాపూ కనిపించకుండా లోపల దాగి ఉండే పొదుగువాపు పాలు ఎండగట్టే సమయంలోనే ముదురుతుంది, పిండుడు ఆగగానే లోపలి సూక్ష్మక్రిములను కడిగి బయటకు తోసే పాలధార కూడా ఆగిపోతుంది కాబట్టి. సి.ఎమ్.టి. పరీక్ష చేసే నాలుగు గుంటల ప్లాస్టిక్ పళ్లెం, ద్రావణం పశువుల మందుల అంగళ్లలో దొరుకుతాయి. మొదటి రెండు ధారలను వేరే గిన్నెలో పిండి పారేయాలి. తరువాత ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలో రెండు మూడు మిల్లీలీటర్ల పాలు పట్టి, అంతే కొలత ద్రావణం పోసి, పళ్లాన్ని పది పదిహేను సెకన్లపాటు నెమ్మదిగా గుండ్రంగా తిప్పాలి. పాలు పల్చగానే ఉండిపోతే ఆ చన్ను బాగున్నట్లు. జిగురు తీగలా చిక్కబడితే లోపల వాపు ఉన్నట్లు.

ద్రావణం దొరకని చోట వంద మిల్లీలీటర్ల నీళ్లలో మూడు గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, పాలకు సమానంగా పోసి చూసినా చిక్కదనం తెలుస్తుంది. దీనిలో ఒక పరిమితి ఉంది. ఈత చివర పాలు తగ్గినప్పుడు వాటిలో కణాలు సహజంగానే పెరుగుతాయి, కాబట్టి నాలుగు చన్నుల్లోనూ ఒకేలా కొద్దిపాటి చిక్కదనం వస్తే దానిని జబ్బుగా భావించనవసరం లేదు. మిగిలినవి పల్చగా ఉండి ఒకటి మాత్రం గట్టిగా జిగురు కట్టితే అది అనుమానించవలసినది.

మా ఆవు ఎడమ వెనక చన్నులో జిగురు కట్టింది, మిగిలిన మూడూ పల్చగానే ఉన్నాయి. వైద్యుడికి చెప్పగా, పాలిస్తున్నప్పుడు పనిచేసే మందు కంటే పాలు ఆపిన రోజున ఎక్కించే డ్రై ట్యూబులోని యాంటీబయోటిక్ ఆ చన్నులో ఎక్కువకాలం నిలిచి పనిచేస్తుందని, నాలుగు చన్నులకూ అదే ఎక్కిద్దామని నిర్ణయించారు. ఏ ట్యూబు, ఎన్ని చన్నులకు అన్నది వైద్యుడే నిర్ణయించవలసిన విషయం. నాలుగు చన్నులూ నిక్షేపంగా ఉన్న ఆవుకు యాంటీబయోటిక్ లేకుండా, చన్ను రంధ్రాన్ని మూసే సీలర్ మాత్రమే ఎక్కించి ఊరుకునే వైద్యులు కూడా ఉన్నారు. ఆ పద్ధతిలో మందు వాడకం తగ్గుతుంది, అయితే పరీక్ష ఖచ్చితంగా చేసి ఉండాలి.

మేతతో మొదలుపెట్టి, పూటలు తగ్గించాలి

పాలు తగ్గించడానికి మన చేతిలో ఉన్నవి రెండే పనులు. ఒకటి పాలు పుట్టించే మేతను తగ్గించడం, రెండోది పిండే పూటల మధ్య ఎడం పెంచడం. మేత తగ్గించకుండా ఒక్కసారిగా పిండడం మానేస్తే, రోజుకు పన్నెండు లీటర్లకు మించి ఇచ్చే ఆవు పొదుగులో ఒత్తిడి పెరిగి చన్నుల నుంచి పాలు కారుతాయి, కారే చన్ను రంధ్రం మూసుకోదు. చివరిసారి పిండిన రోజున పాలు ఎంత ఎక్కువగా ఉంటే తరువాత పొదుగువాపు వచ్చే అవకాశం అంత ఎక్కువ. అందుకే మా కొట్టంలో చివరి రోజుకు పాలను రోజుకు మూడు నాలుగు లీటర్ల దగ్గరికి దించాలని పెట్టుకున్నాము.

ఆగస్టు 5న మా ఆవు ఉదయం ఎనిమిది, సాయంత్రం ఆరు, మొత్తం పద్నాలుగు లీటర్లు ఇస్తోంది. అప్పటికి అది తినే దాణా ఆరు కిలోలు, పచ్చి నేపియర్ గడ్డి సుమారు ఇరవై కిలోలు, పక్కన రాగి గడ్డి. 6వ తేదీన దాణాను మూడు కిలోలకు, 7న ఒకటిన్నర కిలోకు, 8న పూర్తిగా సున్నాకు తెచ్చాము. పచ్చిగడ్డిని 7 నుంచి పది కిలోలకు, 9 నుంచి ఐదు కిలోలకు తగ్గించాము. దాణా ఆపినంత మాత్రాన ఆవు కడుపు ఖాళీగా ఉండకూడదు. ఏడో నెల దాటిన చూలు ఉన్న ఆవు ఆకలితో పడుకుంటే దాని ఒంట్లోని కొవ్వు కరిగి వేరే జబ్బు పుడుతుంది. అందుకే రాగి గడ్డిని తినగలిగినంతా ఎప్పుడూ ముందర ఉంచాము.

నీళ్ల విషయంలో మా పెద్దలు వేరే మాట చెప్పేవారు. పాలు ఆపే రోజుల్లో ఆవుకు నీళ్లు తగ్గించాలన్నది పాత నమ్మకం. అలా చేస్తే పాలు త్వరగా తగ్గే మాట నిజమే, అయితే ఎండు మేత తినే ఆవుకు నీళ్లు లేకపోతే కడుపులో మేత గట్టిపడి అరగదు, కడుపులోని దూడకూ మంచిది కాదు. నీళ్లు ఎప్పుడూ తొట్టి నిండా ఉండాలి, మేతనే తగ్గించాలి.

దాణా ఆగిన ఒకటి రెండు రోజులకే పాలు దిగడం మొదలైంది. 8వ తేదీన పూటలు కలిపి పన్నెండు లీటర్లు వచ్చాయి. 9 నుంచి సాయంత్రం పిండడం మానేసి ఉదయం మాత్రమే పిండాము. 9న తొమ్మిదిన్నర, 10న తొమ్మిది, 11న ఎనిమిది లీటర్లు వచ్చాయి. అక్కడి నుంచి రోజు విడిచి రోజు పిండాము. 13న రెండు రోజుల పాలు కలిపి పది లీటర్లు, 15న ఎనిమిది, చివరి రోజు 17న ఆరు లీటర్లు వచ్చాయి. అంటే ఆపే సమయానికి ఆవు రోజుకు మూడు లీటర్లు మాత్రమే తయారుచేస్తోంది.

పిండిన ప్రతిసారీ పొదుగును పూర్తిగా ఖాళీ చేయాలి. కొందరు ప్రతి పూటా పిండుతూనే సగం పాలు లోపల వదిలివేసే పద్ధతి పాటిస్తారు. ఆ పద్ధతిలో ప్రతి పూటా చన్ను రంధ్రం తెరుచుకుంటుంది, మిగిలిన పాలలో క్రిములకు తిండి దొరుకుతుంది, చేతి స్పర్శతో పాలు దిగే గుణమూ అలాగే నిలిచి ఉంటుంది. ముఖ్యంగా జిగురు కట్టిన చన్ను ఉన్న ఆవుకు అది చేయకూడదు. పూటను వదిలేయడం మంచిది, పాలను లోపల మిగల్చడం మంచిది కాదు.

మరో సంగతి చాలామంది గమనించరు. ఆవుకు పాలు దిగేది చేతి స్పర్శతో మాత్రమే కాదు, పాల బకెట్టు చప్పుడుకూ, దూడ అరుపుకూ, దాణా గంప కదిలిన శబ్దానికీ కూడా. 9వ తేదీ సాయంత్రం మిగిలిన ఆవులను పిండుతున్నప్పుడు మా ఆవు తన చోటులో నిలబడి చన్నుల నుంచి పాలు కార్చింది. మరుసటి రోజు నుంచి పిండే వేళకు దానిని కొట్టం వెనక వేప చెట్టు కిందికి మార్చి కట్టాము, కారడం ఆగింది. ఒకే పాకలో అన్నింటినీ కట్టేవారు ఈ చిన్న మార్పు చేసుకోవాలి. దూడ తల్లి దగ్గర ఇంకా చీకుతూ ఉంటే ఈ పన్నెండు రోజులు మొదలయ్యే ముందే దానిని వేరు చేయాలి.

చివరి రోజు: ట్యూబులు ఎక్కించే పని

ఆగస్టు 17 ఉదయం ఆవును కడిగి ఆరబెట్టి, పొదుగును పూర్తిగా పిండాము. ట్యూబులు ఎక్కించే పని ఐదు నిమిషాలదే, కానీ ఆ ఐదు నిమిషాల్లో జరిగే అశుభ్రత వల్లే చాలా ఆవులకు పొదుగువాపు వస్తుంది, మందు వల్ల కాదు. పేడ తగిలిన చన్ను మొనలో ట్యూబు గుచ్చితే, ఆ పేడలోని క్రిములను మన చేతితోనే లోపలికి తోసినట్టు అవుతుంది.

పని మొదలుపెట్టే ముందు చేతులను సబ్బుతో కడుక్కొని, కొత్త చేతి తొడుగులు వేసుకోవాలి. చన్ను మొనను డెబ్బై శాతం స్పిరిట్లో తడిపిన దూదితో తుడవాలి, దూది మురికిగా కనిపించినంతసేపూ కొత్త దూది తీసుకుంటూనే ఉండాలి. ఇక్కడ వరుస ముఖ్యం. మనకు దూరంగా ఉన్న రెండు చన్నులను ముందు తుడిచి, దగ్గరున్న రెండింటిని తరువాత తుడవాలి. ఎక్కించేటప్పుడు దానికి తలకిందులుగా, దగ్గరున్న చన్నులకు ముందు, దూరపు చన్నులకు చివరగా ఎక్కించాలి. అలా చేస్తే తుడిచిన చన్ను మీదుగా చెయ్యి చాచవలసిన పని ఉండదు.

ట్యూబు మొనను పూర్తిగా లోపలికి దించకూడదు, రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. మొనను లోతుగా గుచ్చితే చన్ను దారి లోపలి పొర చిరిగి, రంధ్రాన్ని మూయవలసిన సహజమైన బిరడా సరిగా కట్టదు. ఒక చన్నుకు ఒక ట్యూబు పూర్తిగా వాడాలి, ఒకే ట్యూబును రెండు చన్నులకు పంచకూడదు. యాంటీబయోటిక్ ఎక్కించిన తరువాత చన్ను మొన నుంచి పైకి మెల్లగా నిమిరి మందును పొదుగులోకి పంపాలి. సీలర్ కూడా వేస్తే దానికి పద్ధతి వేరు. చన్ను పైభాగాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని సీలర్ ఎక్కించాలి, అది చన్నులోనే నిలవాలి, పైకి నిమరకూడదు. వైద్యుడు మా ఆవుకు ముందు యాంటీబయోటిక్, ఆ వెంటనే సీలర్ ఎక్కించారు. చివరగా ప్రతి చన్నునూ అయోడిన్ ద్రావణంలో పూర్తిగా ముంచారు.

పాలిచ్చే ఆవులకు వాడే ట్యూబులు ఇక్కడ పనికిరావు, వాటిలోని మందు రెండు మూడు రోజుల్లోనే వెళ్లిపోతుంది. డ్రై ట్యూబు పెట్టె మీద ఈనిన తరువాత ఎన్ని రోజుల పాలు వాడకూడదో, పాలు ఆపిన తరువాత కనీసం ఎన్ని రోజులు గడవాలో రాసి ఉంటుంది. ఆ పెట్టెను పారేయకుండా దాచుకోవాలి. ఆవు ముందుగా ఈనితే ఆ లెక్కే ఆధారం, పాల సంఘానికి పోసే క్యానులో మందు కలిసిన పాలు పడకూడదు. అదే రోజు ఆవు కాలికి ఎర్ర గుడ్డ కట్టాము, ఇంట్లో ఎవరైనా పొరపాటున దానిని పిండకుండా.

ట్యూబు ఎక్కించిన తరువాత కనీసం అరగంట, కుదిరితే గంటసేపు ఆవును నిలబడి ఉండేలా చూడాలి. ఇంకా తెరుచుకుని ఉన్న చన్ను మొన తడి నేలకు తగలకుండా ఉండడానికే ఇది. తొట్టిలో తాజా రాగి గడ్డి వేస్తే అదే నిలబడి తింటుంది.

పొదుగు బిగిసినప్పుడు చేతులు కట్టుకుని చూడడం

ఆపిన రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు పొదుగు బిగుసుకుని నిండుగా, మెరుస్తూ కనిపిస్తుంది. ఆవు కొంచెం అసౌకర్యంగా కాళ్లు మార్చుతుంది. ఈ దశలోనే ఇంటివాళ్లకు భయం వేస్తుంది. ఆగస్టు 20న మా పక్కింటి అక్క వచ్చి చూసి, "పాలు నిండి అల్లాడుతా ఉంది కదా, రెండు లీటర్లు తీసేస్తే దానికి హాయిగా ఉంటుంది," అంది. ఆ మాట ఆవు మీద ప్రేమతో అన్నదే. అయితే పాలు తీస్తే ఏం జరుగుతుందో తెలిస్తే ఆ పని ఎవరూ చేయరు.

పొదుగు లోపలి ఒత్తిడే పాల కణాలకు ఇక ఆపమని చెప్పే సంకేతం. ఒత్తిడి పెరిగితేనే పాల తయారీ ఆగుతుంది, లోపలి పాలు నెమ్మదిగా ఒంట్లోకే ఇంకిపోతాయి. ఆ మధ్యలో రెండు లీటర్లు తీస్తే సంకేతం ఆగిపోయి కణాలు మళ్లీ పాలు తయారుచేయడం మొదలుపెడతాయి. చన్ను మొనలో అప్పుడప్పుడే కడుతున్న మైనం వంటి బిరడా ఊడిపోతుంది, ఎక్కించిన మందు, సీలర్ పాలతో కలిసి బయటకు వచ్చేస్తాయి. మనం చేసిన పని అంతా మొదటికి వస్తుంది.

2019లో నేను ఈ తప్పు చేశాను. అప్పటి ఆవుకు పదకొండు లీటర్ల దగ్గర ఒక్కసారిగా పిండడం ఆపి, మూడో రోజు బాధ చూడలేక రెండు పూటలు కొద్దికొద్దిగా పిండాను. ఆరో రోజుకు కుడి ముందరి చన్ను రాయిలా గట్టిపడింది. వైద్యం చేయించినా ఆ భాగం పాలు ఇవ్వలేదు, ఆ ఆవు మిగిలిన ఈతలన్నీ మూడు చన్నులతోనే గడిపింది. ఈ సంగతి అక్కకు చెప్పి, ఆవు వెనక నిలబడి ఆమె చేతనే పొదుగును నాలుగు వైపులా తాకించాను. నాలుగు భాగాలూ ఒకేలా బిగిసి ఉన్నాయి, ఏ ఒక్కటీ మిగిలిన వాటి కంటే వేడిగా లేదు, ఆవు గడ్డి బాగా తింటోంది. అలాంటప్పుడు చేయవలసిన పని ఏమీ లేదు.

ఏది మామూలు బిగువో, ఏది జబ్బో తేల్చేది ఈ తేడానే. నాలుగు భాగాల్లో ఒకటి మాత్రమే ఎక్కువగా ఉబ్బి, వేడిగా, ఎర్రగా ఉంటే, చెయ్యి వేస్తే ఆవు తన్నితే, మేత మానేస్తే, జ్వరం 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అది పొదుగువాపు. ఆవు మామూలు వేడి సుమారు 101.5 డిగ్రీలు. ఆ అనుమానం వచ్చినప్పుడు ఆ ఒక్క చన్నును నల్లని గుడ్డ మీద రెండు ధారలు పిండి చూడాలి. గడ్డలు, పీచులు, నీళ్లలాంటి లేదా రక్తం కలిసిన పాలు కనిపిస్తే వైద్యుడిని అదే రోజు పిలవాలి, ఆ చన్నును ఖాళీ చేయడం, మందు వాడడం అంతా ఆయన చెప్పినట్లు చేయాలి. నయమైన తరువాత ఆ చన్నును మళ్లీ ఎండగట్టవలసి ఉంటుంది. జబ్బు ఉందని తేలితేనే పిండాలి, నిండుగా ఉందని పిండకూడదు.

20వ తేదీన మా ఆవు కుడి వెనక చన్ను నుంచి కొన్ని చుక్కలు కారాయి. పాలు కారిన చోట క్రిములు చేరతాయి కాబట్టి ఆ చన్నును రోజుకు రెండుసార్లు అయోడిన్‌లో ముంచాము, పడుకునే చోటు పేడను ఉదయం, మధ్యాహ్నం, రాత్రి తీశాము. ఆగస్టు నెలలో మా వైపు వాన ముసురు ఎక్కువ, సిమెంటు నేల ఆరదు. రబ్బరు చాప కింద నీళ్లు నిలిచిపోతాయి, పైకి ఆరినట్టు కనిపించినా కింద తడి ఉంటుంది, అందుకే రోజూ చాపను ఎత్తి కింద కడిగి సున్నం చల్లాము. రాత్రి పడుకునే చోట పొడి రాగి గడ్డి పరిచాము. మొదటి పది రోజులు నాలుగు చన్నులనూ రోజుకు రెండుసార్లు అయోడిన్‌లో ముంచడం ఆపలేదు.

23వ తేదీకి బిగువు సడలింది. 24న పొదుగు వెనక చర్మం మీద ముడతలు కనిపించాయి. 31కి, అంటే రెండు వారాలకు, పొదుగు మెత్తగా ఖాళీ సంచిలా అయింది. అప్పుడు కానీ దాణా మళ్లీ మొదలుపెట్టలేదు. పొదుగు మెత్తబడక ముందే దాణా పెడితే పాలు తిరిగి పుట్టే ప్రమాదం ఉంది.

తరువాతి వారాలు, ఈనే ముందరి రెండు వారాలు

పొదుగు పూర్తిగా మెత్తబడిన తరువాత ఈనే ముందరి రెండు వారాల దాకా పొదుగుకు ప్రమాదం చాలా తక్కువ. ఈ కాలంలో మేత సంగతి చూసుకోవాలి. సెప్టెంబర్ 1 నుంచి రోజుకు ఒక కిలో దాణాతో మొదలుపెట్టి ఒకటిన్నరకు పెంచాము, పచ్చిగడ్డిని పది కిలోలకు తెచ్చాము. ఆవు ఒళ్లు పక్కటెముకలు కనిపించకుండా, వీపు మీద కొవ్వు కప్పేయకుండా ఉండాలి. ఈనే ముందరి మూడు వారాల్లో కాల్షియం ఎక్కువగా ఉండే మేతలను, కాల్షియం సీసాలను వాడకూడదు. అవి ముందుగా ఎక్కువగా పెడితే ఒంట్లోని ఎముకల నుంచి కాల్షియం తీసుకునే శక్తి మొద్దుబారి, ఈనగానే పాలజ్వరం వస్తుంది. పశుగ్రాసం అంటే లూసర్నే అనుకునే ఇళ్లలో ఈ మాట తప్పక గుర్తుపెట్టుకోవాలి.

అక్టోబర్ 2 నుంచి రెండోసారి కాపలా మొదలైంది. ఈనే ముందరి రెండు వారాల్లో పొదుగు మళ్లీ నిండుతుంది, చన్నులోని బిరడా మెత్తబడి కరుగుతుంది, క్రిములు దూరే దారి తెరుచుకుంటుంది. మళ్లీ రోజుకు రెండుసార్లు అయోడిన్‌లో చన్నులు ముంచడం, పొడిగా పరిచిన చోటు, ఈగలను దూరంగా ఉంచడం. ఈ రోజుల్లో ముర్రుపాలు కారుతున్నా పిండకూడదు, దూడకు రావలసిన మొదటి చుక్కలు పోతాయి. నాలుగు చన్నుల్లో ఒకటి గట్టిపడితే మాత్రం పైన చెప్పిన పరీక్షే మళ్లీ చేయాలి.

మా ఆవు అక్టోబర్ 14 తెల్లవారుజామున ఈనింది, పెయ్యదూడ. పాలు ఆపి అప్పటికి 58 రోజులు, పెట్టె మీద రాసిన కనీస రోజులు దాటాయి. దూడకు గంటలోపే ముర్రుపాలు పట్టించాము. ఈనిన తరువాత ఎన్ని రోజుల పాలు పోయకూడదని పెట్టె మీద ఉందో అన్ని రోజులూ పాల సంఘానికి పోయలేదు. అక్టోబర్ 19న మళ్లీ సి.ఎమ్.టి. పళ్లెం తీసి నాలుగు చన్నులనూ పరీక్షించాము. ఆగస్టులో జిగురు కట్టిన ఎడమ వెనక చన్ను పాలు మిగిలిన మూడింటిలాగే పల్చగా తిరిగాయి.